పరీక్ష రోజు ఉదయానికి ఒక చిన్న ప్రార్థన: బేరం లేకుండా, ఉన్నదున్నట్టు ఎలా రాసుకోవాలి

పోయిన మార్చిలో మా అక్క కూతురు ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు మా ఇంట్లో ఉండి రాసింది. ఫిజిక్స్ పరీక్ష ముందు రోజు రాత్రి పదిన్నరకు నీళ్ళు తాగడానికి లేచాను. దేవుడి గూటి ముందు లైటు వెలుగుతోంది. పిల్ల బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో ఫిజిక్స్ నోట్సు.

"ఏంటమ్మా, ఇంకా పడుకోలేదా?" అన్నాను.

"దండం పెట్టుకుందామని వచ్చాను పిన్నీ. ఏం అడిగినా ఇంకా టెన్షన్ పెరుగుతోంది."

ఆ మాట నన్ను ఆపేసింది. దండం పెట్టుకుంటే మనసు కుదుటపడాలి కదా, ఎందుకు పెరుగుతోంది? పక్కన కూర్చుని, ఏమని అడుగుతున్నావో ఒక కాగితం మీద రాయమన్నాను. అలా మొదలైన పని అరగంటలో ఎనిమిది వాక్యాల ప్రార్థన అయింది. ఆ అరగంటలో ఏం చేశామో వరసగా చెబుతాను. మీ ఇంట్లో పరీక్ష రాసే పిల్లలుంటే, లేదా రాసేది మీరే అయితే, ఇదే వరసలో కూర్చుని రాసుకోవచ్చు. మేము సరస్వతిని తలుచుకున్నాం. యేసును, అల్లాను తలుచుకునే ఇళ్ళలో ఎలా చేసుకోవచ్చో కూడా మధ్యలో చెబుతాను.

మొదటి పని: ముందు రోజు రాత్రే, మనసులో ఉన్నది ఉన్నట్టు రాయడం

ప్రార్థనను పరీక్ష రోజు ఉదయానికి వదిలిపెట్టకండి. ఉదయం ఆరింటికి లేచిన పిల్లకు స్నానం, టిఫిన్, హాల్ టికెట్ వెతుక్కోవడం, ఆటో కోసం ఎదురుచూడడం, ఇవన్నీ ఉంటాయి. ఆ హడావిడిలో దేవుడి ముందు నిలబడితే నోటికి వచ్చేది ఒక్కటే మాట: "దేవుడా, ప్లీజ్." కాబట్టి మాటలు రాత్రే సిద్ధం కావాలి. ఉదయం వాటిని చదవడం ఒక్కటే మిగలాలి.

అర ఠావు కాగితం తీసుకుని, ఇప్పుడు నిజంగా ఏమని అడగాలనిపిస్తోందో అలాగే రాయాలి. మంచి భాష అక్కర్లేదు, దిద్దుకోవడం అక్కర్లేదు. మా పిల్ల రాసింది ఇది. తనను అడిగే ఇక్కడ పెడుతున్నాను.

"దేవుడా ప్లీజ్ ప్లీజ్. ఫిజిక్స్‌లో 55 దాటాలి. థర్మోడైనమిక్స్ నుంచి ఎనిమిది మార్కుల ప్రశ్న రాకూడదు. 55 వస్తే ఐదు శనివారాలు ఉపవాసం ఉంటాను. ఇకనుంచి ఫోన్ ముట్టుకోను. నాన్న ముందు నా పరువు పోకుండా చూడు. నువ్వున్నావు కాబట్టి నాకు ఏ భయం లేదు."

ఇందులో తప్పేమీ లేదు. పదహారేళ్ళ పిల్ల భయం మొత్తం ఇందులో ఉంది. అందుకే ఈ మొదటి కాగితాన్ని చింపేయకూడదు, దీన్ని చూస్తేనే ఏ వాక్యం భయం పెంచుతోందో తెలుస్తుంది.

రెండో పని: ఒక్కో వాక్యాన్నీ పట్టుకుని చూడడం

నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. వాక్యాలు విప్పి చూడడం నాకు రోజూ ఉన్న పనే. ఆ రాత్రి మేము చేసిందీ అదే.

ముందుగా "-తే" ఉన్న క్రియలు వెతికాం. వస్తే, పాసైతే, గట్టెక్కిస్తే. తెలుగులో బేరం అంతా ఈ ఒక్క అక్షరంలో ఉంటుంది. "55 వస్తే ఐదు శనివారాలు" అనే వాక్యం ఆ పిల్ల మీద రెండు బరువులు పెడుతోంది. మొదటిది, హాల్లో కూర్చున్నాక మార్కులు లెక్కపెట్టుకోవడం. మా పిల్ల రాయబోయే ఫిజిక్స్ పేపర్ 60 మార్కులకు. రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు. ఎనిమిది మార్కులవి మూడింట్లో రెండు. రెండు మార్కుల ప్రశ్నలు మూడు రాకపోయేసరికి 55 అనే అంకె పోతుంది. అంటే మొదటి పేజీలోనే ప్రార్థన విఫలమైనట్టు అనిపిస్తుంది. ఇంకా రెండున్నర గంటల పరీక్ష ఉండగానే. రెండో బరువు ఇంకా సూక్ష్మమైనది. ప్రశ్నకు జవాబు తట్టకపోతే, "నేను సరిగా మొక్కుకోలేదేమో, ఐదు వారాలు తక్కువేమో" అని మనసు అటు పోతుంది. రాయాల్సిన సూత్రం మీద ఉండాల్సిన ధ్యాస మొక్కు మీద ఉంటుంది.

మొక్కులు మన ఇళ్ళలో ఉన్నవే. తిరుపతిలో తలనీలాలు ఇచ్చినవాళ్ళం, చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసి కోరిక తీరాక నూట ఎనిమిది చేసినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. నేను వాటిని వద్దనడం లేదు. పెద్దవాళ్ళు మొక్కుకుంటే అది వాళ్ళకూ దేవుడికీ మధ్య. కానీ పరీక్ష రోజు ఉదయం పిల్ల నోట్లో మొక్కు పెట్టకండి. ఇంట్లో ఎవరైనా మొక్కుకుని ఉంటే ఆ సంగతి కూడా ఆ ఉదయం పిల్లకు చెప్పకండి. "నీ కోసం కొండ మెట్లెక్కుతానని మొక్కాను" అని అమ్మమ్మ ప్రేమగా అన్నా, పిల్లకు అది తీర్చాల్సిన అప్పులా వినిపిస్తుంది.

తర్వాత, ఇప్పటికే జరిగిపోయినవాటి గురించి అడుగుతున్న వాక్యాలు. "థర్మోడైనమిక్స్ రాకూడదు." ప్రశ్నపత్రం ఎప్పుడో అచ్చయి, సీలు వేసిన కట్టలో పోలీస్ స్టేషన్‌లో ఉంది. అందులో థర్మోడైనమిక్స్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఇది చెబితే పిల్ల నవ్వింది. ఆ రాత్రి మొదటిసారి. "అయితే పోలీసులకు దండం పెట్టాలా పిన్నీ?" అంది. రాకూడదని అడిగి వెళ్ళిన ప్రశ్న కాగితం మీద కనిపిస్తే దెబ్బ రెండింతలు తగులుతుంది. జవాబు తెలియనందుకు ఒకటి, దేవుడు వినలేదన్నందుకు ఇంకొకటి.

చివరికి, అబద్ధాలు. "నాకు ఏ భయం లేదు." ఆ వాక్యం రాస్తున్నప్పుడే దాని చేతులు చల్లగా ఉన్నాయి, నేను పట్టుకుని చూశాను. భయం లేదని దేవుడికి చెప్పి, లోపల భయపడుతూ ఉంటే ఆ భయాన్ని దాచే పని కూడా మీద పడుతుంది. "ఇకనుంచి ఫోన్ ముట్టుకోను" కూడా అలాంటిదే. అది జరగదని ఇద్దరికీ తెలుసు.

ఇలా కొట్టేస్తూ పోతే మిగిలింది ఒక్క వాక్యం: "నాన్న ముందు నా పరువు పోకుండా చూడు." దాన్ని నేను కొట్టనివ్వలేదు. అది ప్రార్థనలోకి వచ్చే వాక్యం కాదు, నాన్నతో మాట్లాడాల్సిన వాక్యం. ఆ రాత్రే మా బావగారికి ఫోన్ చేశాను. ఆయన పిల్లతో రెండే మాటలు చెప్పారు. "ఎంతొస్తే అంతే రా. రేపు మధ్యాహ్నం నేనే వచ్చి తీసుకెళ్తా." ప్రార్థన రాయడానికి కూర్చుంటే ఇలాంటిది ఒకటి దొరుకుతుంది. మనిషి తీర్చగలిగిన భయాన్ని దేవుడి మీద వేసి ఊరుకోకూడదు.

మూడో పని: గజేంద్రుడి పద్యాన్ని నమూనాగా పెట్టుకోవడం

బేరం కొట్టేశాక పిల్ల అడిగింది, "మరి ఇంకేం అడగాలి?" అప్పుడు నేను తొమ్మిదో తరగతి నుంచి దానికి వచ్చిన పద్యమే చదివించాను. పోతన భాగవతంలో మొసలి నోట చిక్కిన ఏనుగు చెప్పేది.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె ప్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరంబెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర కావవే వరద సంరక్షించు భద్రాత్మకా

దీన్ని భక్తి కోసం ఎన్నోసార్లు చదివాం. ఆ రాత్రి దాని కట్టుబడి చూశాం. మొదటి రెండు పాదాల్లో కోరిక ఒక్కటి కూడా లేదు. ఉన్నదంతా ఒంటి పరిస్థితి. బలం లేదు, ధైర్యం చెదిరిపోయింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వస్తోంది, ఒళ్ళు అలిసింది, ఆయాసంగా ఉంది. ఆరు సంగతులు, వరసగా, సిగ్గుపడకుండా. మూడో పాదంలో "నువ్వు తప్ప నాకు ఇంకేమీ తెలియదు" అనే ఒప్పుకోలు. కాపాడమని అడగడం నాలుగో పాదంలో: రా, కాపాడు. ఎలా కాపాడాలో చెప్పలేదు. కాపాడితే ఏం ఇస్తానో కూడా చెప్పలేదు. ప్రాణం పోయేవేళ కూడా బేరం లేదు.

ఈ పద్యానికి ముందు అదే ఏనుగు "కలడు కలండనెడువాడు కలడో లేడో" అని అనుమానపడింది కూడా. దేవుడున్నాడో లేదో అనిపించే పిల్లలు ఉంటారు, ముఖ్యంగా ఈ వయసులో. వాళ్ళు ఆ అనుమానాన్ని కూడా ప్రార్థనలో ఒక వాక్యంగా రాసుకోవచ్చు. పోతన దాన్ని దాచలేదు.

ఈ వరస, అంటే ముందు ఉన్న స్థితి, తర్వాత ఒప్పుకోలు, ఆఖరున చిన్న కోరిక, మన ఒక్కరిదే కాదు. సిలువ వేయడానికి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా ముందు తన మనసు ఎంత దుఃఖంలో ఉందో చెప్పి, ఈ బాధల గిన్నె తొలగిపోతే బాగుండునని అడిగి, ఆఖరున నా ఇష్టం కాదు నీ ఇష్టమే అన్నాడు. క్రైస్తవుల ఇళ్ళలో పిల్లలకు ఆ ఘట్టం తెలుసు, దాన్నే నమూనాగా పెట్టుకోవచ్చు. ముస్లింల ఇళ్ళలో ఖురాన్ 20వ సూరాలో మూసా ప్రవక్త చేసిన దుఆ చదువుకునే పిల్లలు చాలామంది: "రబ్బిష్రహ్ లీ సద్రీ, వ యస్సిర్ లీ అమ్రీ." ప్రభూ, నా హృదయాన్ని విశాలం చేయి, నా పని నాకు సులభం చేయి. మూసా ఈజిప్టు రాజు ఫరో దగ్గరికి వెళ్ళబోతూ అడిగిన మాట అది. ఫరో మారిపోవాలని అడగలేదు, తన గుండె కాస్త విశాలం కావాలని అడిగాడు. హాల్లోకి వెళ్ళే పిల్లకు ఇంతకంటే సరిపోయే మాట నాకు కనిపించలేదు.

నాలుగో పని: ఎనిమిది వాక్యాలు కట్టడం

ఇప్పుడు కొత్త కాగితం. మొదట పిలుపు. తర్వాత ఒంట్లో ఏం జరుగుతోందో ఒక వాక్యం. దీన్ని "భయంగా ఉంది" అని సరిపెట్టుకోకుండా, ఎక్కడ ఎలా తెలుస్తోందో రాయాలి: అరచేతులు, కడుపు, గొంతు, గుండె. ఆ తర్వాత చదివిందీ చదవనిదీ. ఇక్కడ తక్కువ చేసి చెప్పుకోవడం కూడా అబద్ధమే. "నాకేమీ రాదు" అని రాసింది మా పిల్ల. పది నెలలు చదివి ఏమీ రాకపోవడం ఎలా సాధ్యం? కొట్టేయించాను. ఆ తర్వాత నా చేతిలో లేనిది ఒకటి ఒప్పుకోవడం.

కోరికలు రెండే పెట్టుకున్నాం. రెండూ ఆ మూడు గంటల్లో, ఆ బెంచీ మీద జరగాల్సినవే కావాలి. ర్యాంకు, సీటు, కాలేజీ ఇందులోకి రావు. అవి జూన్‌లో, జులైలో తేలేవి. కోరిక సరైనదో కాదో చూడడానికి మేము పెట్టుకున్న పరీక్ష ఇది: పేపర్ చాలా కష్టంగా వచ్చినా ఈ కోరిక నెరవేరడానికి వీలుందా? "55 రావాలి" కి వీల్లేదు. "రాని ప్రశ్న దగ్గర ఇరుక్కుపోకుండా ముందుకు వెళ్ళే ధైర్యం" కి వీలుంది. కష్టమైన పేపర్‌లోనే దానితో ఎక్కువ పని.

ఏడో వాక్యం పక్కవాళ్ళ కోసం. ఇది పిల్ల సొంతంగా చేర్చింది. వాళ్ళ క్లాసులో ఒకమ్మాయి ఇంగ్లిష్ పరీక్ష రోజు గేటు దగ్గర ఏడ్చిందట, అది గుర్తొచ్చింది. నేను అనుకోలేదు గానీ, మొత్తం ప్రార్థనలో పిల్ల ముఖం తేటపడింది ఈ వాక్యం దగ్గరే. ఆఖరు వాక్యం పేపర్ ఇచ్చేసిన తర్వాతి సమయానికి.

అలా తయారైంది ఇది:

అమ్మా సరస్వతీ, పొద్దున్నే నీ ముందు నిలబడ్డాను.
నా చేతులు చల్లగా ఉన్నాయి, గుండె గట్టిగా కొట్టుకుంటోంది.
చాలా వరకు చదివాను, కొన్ని వదిలేశాను, అది నీకూ తెలుసు నాకూ తెలుసు.
ఏ ప్రశ్నలు వస్తాయో నా చేతిలో లేదు.
చదివింది గుర్తు తెచ్చుకునేంత నెమ్మది నాకు ఇవ్వు.
రానిది కనిపిస్తే దాన్ని వదిలి తర్వాతి ప్రశ్నకు వెళ్ళే ధైర్యం ఇవ్వు.
నాతో కూర్చుని రాసేవాళ్ళందరికీ ఈ నెమ్మదే ఇవ్వు.
పన్నెండింటికి పేపర్ ఇచ్చేస్తాను, ఆ తర్వాత కూడా నాతో ఉండు.

దీన్ని ఎత్తి అలాగే వాడుకోవచ్చు. అయితే రెండో వాక్యం, మూడో వాక్యం మాత్రం ఎవరివి వాళ్ళే రాసుకోవాలి. మీకు కడుపులో తిప్పుతుంటే చేతులు చల్లగా ఉన్నాయని చదవడంలో అర్థం లేదు. లెక్కల పరీక్ష రోజు మూడో వాక్యం వేరుగా ఉంటుంది, కెమిస్ట్రీ రోజు వేరుగా ఉంటుంది. మిగతా ఆరు వాక్యాలు అన్ని పరీక్షలకూ అవే ఉండనివ్వండి. అలవాటైన మాట నోటికి తేలిగ్గా వస్తుంది.

ఐదో పని: ఉదయం చదివే తీరు

ఈ ప్రార్థన గబగబా చదివితే ఇరవై సెకన్లలో అయిపోతుంది. మేము ఒక్కో వాక్యానికి ఒక్కో ఊపిరి పెట్టుకున్నాం. ముక్కుతో గాలి పీల్చుకోవడం, వాక్యాన్ని వదిలే గాలితో పాటు నెమ్మదిగా చెప్పడం, గాలి పూర్తిగా అయిపోయాక ఒక్క క్షణం ఆగడం. ఇలా చేస్తే ఒక వాక్యానికి దాదాపు పది సెకన్లు పడుతుంది. నిమిషానికి ఆరు ఊపిరులు. మొత్తం ఎనభై సెకన్లు, నిమిషన్నర లోపే.

ఆరు అనే అంకె నేను ఊరికే చెప్పలేదు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లూచియానో బెర్నార్డి అనే ఇటలీ వైద్యుడి బృందం రాసిన వ్యాసం ఉంది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చెప్పేటప్పుడూ, "ఓం మణి పద్మే హూం" మంత్రం చెప్పేటప్పుడూ ఊపిరి దానంతట అదే నిమిషానికి ఆరు దగ్గరికి వస్తోందని, గుండె, రక్తపోటుల లయ దానికి అనుగుణంగా సర్దుకుంటోందని వాళ్ళు గమనించారు. భయంలో మనం పైపైన, త్వరత్వరగా పీలుస్తాం. గాలి వదలడం నిదానిస్తే గుండె వేగం తగ్గుతుంది. మన శ్లోకాలు పాదం పాదానికి ఆగి చదవడం వెనక కూడా ఊపిరి ఉంది, అందుకే అమ్మమ్మలు "ఉరకకు, ఆగి ఆగి చదువు" అనేవాళ్ళు.

స్నానం అయ్యాక, టిఫిన్‌కు ముందు, ఇంట్లోనే చదవాలి. సెంటర్ గేటు దగ్గర కాదు. అక్కడ ఒకరు "ఈ ప్రశ్న ఇంపార్టెంట్ అంట" అంటారు, ఇంకొకరు పుస్తకం తిరగేస్తుంటారు. పైకి చదివితే మంచిది, గొంతు తనకు వినపడేంత చాలు. అమ్మానాన్నలు పక్కన నిలబడి వినకండి. వింటున్నారని తెలిస్తే పిల్ల మూడో వాక్యాన్ని మార్చి చదువుతుంది.

ఆరో పని: హాల్లోకి ఒక్క వాక్యమే తీసుకెళ్ళడం, అదీ మనసులోనే

ఈ సంగతి ఇన్విజిలేటర్‌గా చెబుతున్నాను, దయచేసి గుర్తుపెట్టుకోండి. ప్రార్థన రాసిన కాగితాన్ని ఇంట్లోనే వదిలేయాలి. పౌచ్‌లో, జేబులో, సాక్సులో, ఎక్కడా వద్దు. హాల్ టికెట్ వెనక, అట్ట మీద, అరచేతి మీద ఒక్క "ఓం" కూడా రాయొద్దు. కొన్నేళ్ళ క్రితం నేను డ్యూటీ చేసిన ఒక సెంటర్‌లో ఒక అబ్బాయి పౌచ్‌లో మడిచిన కాగితం దొరికింది. విప్పి చూస్తే శ్లోకం. అందులో జవాబులేమీ లేవని తేలి, స్క్వాడ్ వాళ్ళు వదిలిపెట్టేసరికి పావుగంట గడిచింది. ఆ పావుగంట ఆ అబ్బాయి నిలబడి వణుకుతూనే ఉన్నాడు. కూర్చున్నాక కూడా చాలాసేపు పెన్ను కదల్లేదు. వాళ్ళమ్మ ధైర్యం కోసం పెట్టిన కాగితం అది.

మా పిల్ల ఎనిమిది వాక్యాల్లోంచి ఒకటి ఎంచుకుంది. "చదివింది గుర్తు తెచ్చుకునేంత నెమ్మది నాకు ఇవ్వు." పేపర్ చేతికి వచ్చాక, చదవడం మొదలుపెట్టే ముందు, ఒక్క ఊపిరితో ఒక్కసారి. మధ్యలో బుర్ర మొద్దుబారినట్టు అనిపిస్తే, పెన్ను కింద పెట్టి, ఇంకొక్కసారి. అంతకుమించి వద్దు. మూడు గంటల పరీక్షలో ఈ రెండుసార్లకు పట్టేది ఇరవై సెకన్లు.

ఎక్కడ దారి తప్పుతుంది

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, ప్రార్థన మళ్ళీ ఒక పరీక్షగా మారిపోవడం. "ఒక వాక్యం తప్పు చదివాను, మళ్ళీ మొదటినుంచి" అని పిల్ల రెండోసారి, మూడోసారి మొదలుపెడుతుంది. "నిన్న ఎడమవైపు నిలబడి చదివాను, పరీక్ష బాగా రాశాను, ఈరోజూ అక్కడే నిలబడాలి" అంటుంది. ఇది కనిపిస్తే మందలించకండి, ప్రార్థనను కుదించండి. ఆ రోజుకు ఒక్క వాక్యం చాలని చెప్పండి. అప్పటికీ చదవకుండా బయలుదేరలేకపోతే, ఒకరోజు కావాలనే చదవకుండా వెళ్ళనివ్వండి, అదీ కష్టమైన పరీక్ష రోజు కాకుండా, కాస్త తేలికైన పరీక్ష రోజు. చదవకపోయినా పెన్ను కదిలిందని తనకే తెలుస్తుంది. చేతులు పదేపదే కడగడం, లెక్కపెట్టడం లాంటివి కూడా తోడైతే అది ప్రార్థనతో తీరేది కాదు, డాక్టర్‌కు చూపించాలి.

కొందరికి రెండో వాక్యం దగ్గర ఏడుపు వస్తుంది. రానివ్వండి. మా పిల్లకు కూడా వచ్చింది, రాత్రి మొదటిసారి చదివినప్పుడు. ఉదయానికి రాలేదు. రాత్రే ఒకసారి చదివి చూసుకోమనడానికి ఇదీ ఒక కారణం.

భయాన్ని కాగితం మీద పెడితే మార్కులు పెరుగుతాయని మాత్రం పిల్లలకు చెప్పకండి. 2011లో సైన్స్ పత్రికలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాల గురించి రాసిన విద్యార్థులు మెరుగ్గా రాశారని ఒక అధ్యయనం వచ్చింది. దాన్ని చాలామంది చెప్పుకుంటారు. తర్వాత అదే ప్రయోగాన్ని పెద్ద సంఖ్యలో విద్యార్థులతో మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు, అది 2018లో బయటికొచ్చింది. మార్కుల కోసం ప్రార్థన చేయమంటే మళ్ళీ బేరంలోకే వచ్చినట్టు. ఇది మార్కులు తేదు. మూడు గంటలు తన చదువుకు తాను అడ్డం పడకుండా ఉండేందుకు కాస్త తోడ్పడుతుంది, ఒక్కోసారి అదీ చేయదు.

ఇంకొక్కటి. కాగితం మీద "నేను లేకపోతే బాగుండు", "ఫెయిలైతే బతకను" లాంటి వాక్యం కనిపిస్తే అక్కడితో ఈ పనంతా ఆపేయండి. దాన్ని దిద్దకండి, వాదించకండి. పిల్లను ఒంటరిగా వదలకుండా దగ్గర కూర్చోండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ లైను టెలిమానస్, దాని నంబర్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ ఉదయం పరీక్ష పోతే పోనివ్వండి. సప్లిమెంటరీ ఉంది.

పేపర్ ఇచ్చేశాక

ఆ రోజు పన్నెండున్నరకు మా బావగారు చెప్పినట్టే గేటు దగ్గర ఉన్నారు. నేనూ వెళ్ళాను. పిల్ల వచ్చి ముందు నీళ్ళ సీసా అడిగింది.

థర్మోడైనమిక్స్ వచ్చిందట. ఎనిమిది మార్కుల మూడు ప్రశ్నల్లో ఒకటిగా. "చూడగానే గుండె గుభేలుమంది పిన్నీ. పెన్ను కింద పెట్టి ఆ ఒక్క వాక్యం అనుకున్నా. మూడింట్లో రెండు రాస్తే చాలు కదా అని అప్పుడు గుర్తొచ్చింది. మిగతా రెండూ రాశా. ఒకటి పూర్తిగా, ఒకటి సగం."

ఇంటికొచ్చాక దేవుడి గూట్లో పెట్టిన కాగితం తీసింది. రెండో వాక్యం, మూడో వాక్యం కొట్టేసి, వాటి పైన కెమిస్ట్రీకి కొత్తవి రాయడం మొదలుపెట్టింది. మూడో వాక్యం దగ్గర ఆగి, ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివినట్టు రాయాలా, వదిలేసినట్టు రాయాలా అని అడిగింది. "ఇంకా ఒకరోజు ఉందిగా, రేపు రాత్రి రాయి" అన్నాను. కాగితం గూట్లో పెట్టేసి పుస్తకం తెచ్చుకుంది.